పైల్ దెబ్బ లెక్క: ఫార్ములా నుంచి కొలత దాకా

పునాది కోసం హ్యామర్‌తో కొట్టి నేలలోకి దింపే పొడవైన స్తంభమే పైల్. అది దిగుతున్నప్పుడు దాని ఒంటికి ఒక కాగితం అంటించి, ఆనుగా పెట్టిన బద్ద మీద పెన్సిల్ నడుపుతారు. దెబ్బ పడగానే గీత ఒక్కసారి కిందికి దిగి, కాస్త పైకి లేచి ఆగుతుంది. చివరకు దిగిన దూరమే 'సెట్'. ఈ నాలుగైదు మిల్లీమీటర్లను చూసి, ఈ పైల్ ఎంత బరువు మోస్తుందో చెప్పగలమా అన్నదే నూట ముప్పై ఏళ్లకు పైగా నడుస్తున్న ప్రశ్న.

1888 ప్రాంతంలో 'ఇంజనీరింగ్ న్యూస్' పత్రికలో ఎ.ఎం. వెల్లింగ్టన్ చెప్పిన జవాబు చాలా సులువైనది. హ్యామర్ ఇచ్చిన శక్తి అంతా పైల్‌ను దింపడానికే ఖర్చయిందనుకుంటే:

R = W × h / (s + c)

R పైల్ మోయగల గరిష్ట బరువు, W హ్యామర్ బరువు, h అది పడిన ఎత్తు, s సెట్. దారిలో పోయే శక్తికి c అనే ఒక స్థిరాంకం కలిపారు. డ్రాప్ హ్యామర్‌కు అది 1 అంగుళం, స్టీమ్ హ్యామర్‌కు 0.1 అంగుళం. ఆ కాలంలో ఎక్కువగా దింపేది కలప దుంగలే, డ్రాప్ హ్యామర్‌తోనే. ఫార్ములా పుట్టింది వాటి కోసమే.

30 కిలోన్యూటన్ల హ్యామర్, 1 మీటరు ఎత్తు, సెట్ 5 మిల్లీమీటర్లు అనుకుందాం. c 25 మిల్లీమీటర్లయితే జవాబు 1000 కిలోన్యూటన్లు. 2.5 పెడితే 4000. శక్తి అదే, సెట్ అదే, అయినా ఒక్క స్థిరాంకంతో జవాబు నాలుగింతలైంది. దీన్ని 6తో భాగించి అనుమతించే లోడ్ తీసేవారు. ఆ 6 ఎందుకు అవసరమైందో ఈ లెక్కలోనే తెలుస్తుంది. పైగా హ్యామర్‌కు, పైల్‌కు మధ్య పెట్టే కుషన్ నలిగిందా, హ్యామర్ సరిగా కొడుతోందా అన్నది ఫార్ములాకు తెలియదు. హ్యామర్ రేటెడ్ శక్తిలో సగం కూడా పైల్‌కు చేరకపోవడం మామూలే. తర్వాత హైలీ వంటి ఇంజనీర్లు కుషన్, పైల్, నేల నొక్కుకోవడానికి, దెబ్బలో పోయే శక్తికి వేర్వేరు పదాలు చేర్చారు. కానీ పైల్ మొత్తం ఒకే ముక్కలా ఒకేసారి కదులుతుందన్న ఊహ అలాగే ఉండిపోయింది.

అసలు చిక్కు అక్కడే ఉంది. పైల్ ఒకేసారి కదలదు. కాంక్రీట్‌లో ఒత్తిడి అల సెకనుకు సుమారు 4000 మీటర్ల వేగంతో పోతుంది. 20 మీటర్ల పైల్‌లో అది కొనదాకా వెళ్లి తిరిగి రావడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. అల ఇంకా దారిలో ఉండగానే పై భాగం తన కదలిక చాలావరకు కదిలేసి ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఐజాక్స్ అనే ఇంజనీర్ 1931లోనే ఈ సంగతి ఎత్తి చూపాడు. అయితే చేత్తో లెక్క కట్టడం చాలా కష్టం.

కంప్యూటర్లు వచ్చాక రేమండ్ కాంక్రీట్ పైల్ కంపెనీలో పనిచేసిన ఇ.ఎ.ఎల్. స్మిత్ దారి తీశాడు. 1960 నాటి ఆయన పత్రంలో పైల్ అంటే బరువులు, స్ప్రింగుల గొలుసు. నేల అంటే స్ప్రింగ్, దానికి తోడు వేగాన్ని ఆపే డ్యాంపర్. ఒత్తిడి అల ఎలా నడుస్తుందో లెక్కగట్టే ఈ వేవ్ ఈక్వేషన్‌తో దింపకముందే హ్యామర్ సరిపోతుందా, మెత్తని నేలలో కాంక్రీట్ పైల్‌లో లాగుడు ఒత్తిడి వచ్చి పగులుతుందా అని చూసుకోవచ్చు. నా దృష్టిలో దీని అసలు విలువ ఇదే. ఫార్ములా ఒత్తిడి సంగతే మాట్లాడదు. అయినా హ్యామర్ సామర్థ్యం, నేల విలువలు ఇక్కడ కూడా మనం ఊహించి పెట్టేవే.

ఊహల స్థానంలో కొలత తెచ్చింది క్లీవ్‌లాండ్‌లోని కేస్ ఇన్‌స్టిట్యూట్‌లో గోబుల్ బృందం 1964లో మొదలుపెట్టిన పరిశోధన. పైల్ తల కింద ఎదురెదురుగా రెండు జతల స్ట్రెయిన్ గేజ్‌లు, యాక్సిలరోమీటర్లు బిగిస్తారు. పైల్ ఎంత నొక్కుకుందో కొలిచే గేజ్ నుంచి బలం, త్వరణం కొలిచే యాక్సిలరోమీటర్ నుంచి వేగం వస్తాయి. రెండు వైపులా ఎందుకంటే, దెబ్బ పక్కకు పడితే పైల్ వంగుతుంది, సగటు తీస్తేనే నిజమైన బలం వస్తుంది. బలం, వేగం రెండూ దొరికాయి కాబట్టి పైల్‌లోకి ఎంత శక్తి వెళ్లిందో నేరుగా తెలుస్తుంది. 10 మిల్లీసెకన్లకు రావలసిన ప్రతిధ్వని బదులు 6 మిల్లీసెకన్లకే లాగుడు అల తిరిగొస్తే, 12 మీటర్ల లోతున పగులు ఉందని అనుమానించాలి. తర్వాత వచ్చిన CAPWAP పద్ధతిలో, కొలిచిన గీతతో లెక్క గీత కలిసేదాకా నేల విలువలు మారుస్తూ పోతారు.

దీనికీ హద్దులున్నాయి. దెబ్బకు పైల్ 2 మిల్లీమీటర్లు కూడా దిగకపోతే నేల బలమంతా కదలదు, వచ్చిన అంకె కనీస అంచనా మాత్రమే. బంకమట్టిలో దింపేటప్పుడు నీటి ఒత్తిడి పెరిగి నేల మెత్తబడుతుంది. రోజులు గడిచాక మళ్లీ పట్టు బిగుస్తుంది, ఒక్కోసారి రెట్టింపవుతుంది కూడా. కొన్ని షేల్ రాళ్లలో, బిగుతైన సిల్ట్‌లో దీనికి సరిగ్గా ఎదురుగా పట్టు సడలుతుంది. అందుకే పరీక్షను దింపిన రోజుతో ఆపకుండా, కొన్ని రోజుల తర్వాత అదే పైల్‌ను గేజ్‌లతో మళ్లీ కొట్టి చూస్తారు.