ఓవర్‌బుకింగ్ మెసేజ్: గెస్ట్‌ను వేరే హోటల్‌కి పంపాల్సి వస్తే ఏం రాయాలి? అపోహలు - వాస్తవాలు

గది బుక్ చేసుకున్నవాళ్లలో కొందరు రారు, కొందరు చివరి నిమిషంలో క్యాన్సిల్ చేస్తారు. ఆ అంచనాతోనే చాలా హోటళ్లు ఉన్న గదులకన్నా కాస్త ఎక్కువ బుకింగ్‌లు తీసుకుంటాయి. అంచనా తప్పి అందరూ వచ్చేస్తే, కన్ఫర్మ్ అయిన గెస్ట్‌ను పార్ట్‌నర్ హోటల్‌కి పంపక తప్పదు. ఫ్రంట్ ఆఫీస్‌లో దీన్ని గెస్ట్‌ను ‘వాక్’ చేయడం అంటాం. గెస్ట్ ఇంకా దారిలో ఉండగానే పంపే మెసేజ్ గురించి మా రంగంలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలున్నాయి. వాటివల్లే సగం గొడవలు వస్తున్నాయి.

అపోహ: ‘సాంకేతిక కారణాల వల్ల’ అని రాస్తే గెస్ట్‌కి కోపం తగ్గుతుంది.

గదిలో నీళ్లు లీకవుతున్నాయనో, సిస్టమ్ మొరాయించిందనో రాస్తే ఆ క్షణానికి గండం గడిచినట్టే ఉంటుంది. కానీ గెస్ట్ వెంటనే మీ వెబ్‌సైట్ తెరిచి చూస్తారు. లేదా రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే, విషయం తెలియని ఇంకో ఉద్యోగి “హోటల్ ఫుల్ అయిపోయిందండీ” అంటారు. అప్పటిదాకా ఒక్క గది గురించిన ఇబ్బంది, అక్కడినుంచి అబద్ధం గురించిన ఫిర్యాదు అవుతుంది. పైగా మెసేజ్ వాళ్ల ఫోన్‌లో రాతపూర్వకంగా ఉండిపోతుంది.

“ఉన్న గదులకన్నా ఎక్కువ బుకింగ్‌లు తీసుకున్నాం. అందుకే ఈ రాత్రి మీకు గది ఇవ్వలేకపోతున్నాం. తప్పు మాది.” ఇంతే చాలు. రానివాళ్ల శాతం ఎంత, హోటళ్లు ఇలా ఎందుకు చేస్తాయి అన్న పాఠం గెస్ట్‌కి అక్కర్లేదు.

ఇంకో మాట. ‘ఇవ్వలేకపోవచ్చు’ అని మాత్రం రాయొద్దు. ఆ ‘వచ్చు’ను పట్టుకునే గెస్ట్ ఆశతో నేరుగా మీ కౌంటర్ దగ్గరికి వస్తారు. ఇంకా తేలకపోతే మెసేజ్ ఆపండి. తేలాక ‘లేదు’ అనే రాయండి.

అపోహ: ముందు మెసేజ్ పంపేద్దాం, గది తర్వాత చూద్దాం.

‘దగ్గర్లోని ఓ మంచి హోటల్‌లో ఏర్పాటు చేస్తాం’ అన్న వాక్యం చదివితే టెన్షన్ పెరుగుతుందే తప్ప తగ్గదు. ముందు పార్ట్‌నర్ హోటల్‌కి ఫోన్ చేసి, గెస్ట్ పేరు మీద గది తీసుకుని, అక్కడి కన్ఫర్మేషన్ నంబర్ చేతికొచ్చాకే రాయడం మొదలుపెట్టాలి. మంచాలు ఎన్ని, మనుషులు ఎంతమంది, ఎన్నింటికి వస్తారు, బ్రేక్‌ఫాస్ట్ ఉందా అన్నవి పాత బుకింగ్‌తో సరిపోల్చుకోవాలి.

ఇక్కడ ఎక్కువగా బెడిసికొట్టేది బిల్లు. గది డబ్బు మనమే కడతామని పార్ట్‌నర్ హోటల్‌కి రాతలో వెళ్లకపోతే, రాత్రి షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు గెస్ట్‌నే డబ్బు అడుగుతారు. మెసేజ్‌లో ఎంత చక్కగా రాసినా ఆ ఒక్క ప్రశ్నతో అంతా పోతుంది.

అపోహ: ‘ఖర్చులన్నీ మావే’ అంటే సరిపోతుంది.

‘అన్నీ’ అంటే గెస్ట్‌కి ఒకటి, అకౌంట్స్ వాళ్లకి ఇంకొకటి. గది అద్దె, పన్ను, టాక్సీ, బ్రేక్‌ఫాస్ట్ అని విడివిడిగా చెప్పండి. రాత్రి భోజనం ఇవ్వడం లేదనుకోండి, ఆ జాబితాలో అది లేదని చదవగానే తెలియాలి. కొన్ని హోటళ్లు ఇతర ఖర్చుల కోసం చెక్-ఇన్‌లో డిపాజిట్ అడుగుతాయి. పార్ట్‌నర్ హోటల్‌లో ఆ పద్ధతి ఉంటే అదీ ముందే చెప్పాలి.

ముందే డబ్బు కట్టినవాళ్లకి, ఆ డబ్బు ఏమవుతుందో ఒక వాక్యం తప్పనిసరి. ట్రావెల్ సైట్ ద్వారా బుక్ చేసినవాళ్లకైతే ‘దయచేసి మీరు క్యాన్సిల్ చేయొద్దు’ అని కూడా రాయాలి. కంగారులో గెస్టే క్యాన్సిల్ నొక్కితే, సైట్ లెక్కలో అది గెస్ట్ చేసిన రద్దు అవుతుంది, రద్దు చార్జీ పడొచ్చు. సైట్‌తో మాట్లాడుకోవాల్సింది హోటలే.

అపోహ: అప్‌గ్రేడ్ అని చెబితే సంతోషిస్తారు.

కొత్త హోటల్ నిజంగానే మెరుగైనదైనా, గెస్ట్ ఎంచుకున్నది మీ హోటల్‌ని. వాళ్ల పని, వాళ్ల బంధువుల ఇల్లు మీ పక్కనే ఉండొచ్చు. దూరం ఎంత, ఏది తేడా అన్నది చెప్పండి. ‘శుభవార్త’ లాంటి మాటలు మాత్రం తీసేయండి.

అపోహ: రీఫండ్ మాట ఎత్తితే గెస్ట్ చేజారిపోతారు.

ఎంపిక లేకుండా రాసిన మెసేజ్ ఆదేశంలా వినిపిస్తుంది. వెళ్లాలనుకున్నవాళ్లు కూడా అప్పుడు వాదనకి దిగుతారు. నా అనుభవంలో, గది సిద్ధంగా ఉండి, వివరాలు చేతికొస్తే ఎక్కువమంది దానికే ఒప్పుకుంటారు. రాత్రి పూట మళ్లీ గది వెతుక్కునే ఓపిక ఎవరికి ఉంటుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయన వయసు పైబడిన తల్లితో రెండు రాత్రులకి రెండు మంచాల గది బుక్ చేశారు. మీ సైట్‌లోనే మొత్తం డబ్బు కట్టేశారు, బ్రేక్‌ఫాస్ట్ ఉంది, రాత్రి 9కి వస్తారు. నిజానికి పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న బుకింగ్‌ని వీలైనంతవరకు కదపకూడదు. ఒక్క రాత్రికి ఒంటరిగా వచ్చేవారిని ముందు చూడాలి. కానీ ఆ రోజు మిగతావాళ్లంతా అప్పటికే చెక్-ఇన్ అయిపోయారు. మధ్యాహ్నం 3కి ఫోన్ చేస్తే స్విచాఫ్. అప్పుడు వెళ్లాల్సిన మెసేజ్ ఇది:

> ఈ రాత్రి మీ గది మా హోటల్‌లో లేదు, వేరే హోటల్‌లో సిద్ధంగా ఉంది
>
> నమస్కారం అండీ. ఉన్న గదులకన్నా ఎక్కువ బుకింగ్‌లు తీసుకున్నాం. అందువల్ల ఈ రాత్రి మీకు గది ఇవ్వలేకపోతున్నాం. తప్పు మాది, క్షమించండి.
>
> మాకు 2 కిలోమీటర్ల దూరంలోని (హోటల్ పేరు, చిరునామా, ఫోన్)లో మీ పేరు మీద రెండు మంచాల గది తీసుకున్నాం. కన్ఫర్మేషన్ నంబర్ ఇది: (నంబర్). లిఫ్ట్ ఉంది. మీరు ఎంత ఆలస్యంగా వచ్చినా గది మీదే.
>
> అక్కడి గది అద్దె, పన్ను, బ్రేక్‌ఫాస్ట్, మీరు అక్కడికి వెళ్లే టాక్సీ మేమే కడతాం. ఈ రాత్రికి మీరు మాకు కట్టిన డబ్బు కూడా వెనక్కి ఇచ్చేస్తాం. ఆ రీఫండ్ ఈరోజే మొదలుపెడుతున్నాం.
>
> రేపు మధ్యాహ్నం 12 నుంచి మా దగ్గర మీ గది ఉంటుంది. సామాను మళ్లీ సర్దుకోవడం ఇబ్బంది అనుకుంటే రెండో రాత్రి కూడా అక్కడే ఉండొచ్చు, అదనంగా ఏమీ కట్టక్కర్లేదు.
>
> ఇది వద్దనుకుంటే మొత్తం బుకింగ్ డబ్బు తిరిగి ఇచ్చేస్తాం. ‘సరే’ లేదా ‘వద్దు’ అని రిప్లై ఇవ్వండి, లేదా నేరుగా నాకు ఫోన్ చేయండి.
>
> (పేరు, డ్యూటీ మేనేజర్, ఫోన్)

రెండో రాత్రి గురించిన వాక్యం చూడండి. తల్లితో రెండుసార్లు గది మారడం వాళ్లకి ఎంత కష్టమో ఆలోచిస్తేనే అది రాస్తాం. దానికి మేనేజర్ ఒప్పుదల ముందే తీసుకోవాలి. అది రాకపోతే ఆ వాక్యం పెట్టకూడదు. కింద డిపార్ట్‌మెంట్ పేరు కాకుండా మనిషి పేరు ఉండాలి. ఆ మనిషి రాత్రి 9కి డ్యూటీలో లేకపోతే, అప్పుడు ఉండేవాళ్ల పేరు, నంబర్ ఇవ్వాలి.

రిప్లై రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. ఫోన్ ఆన్ అయ్యేదాకా ప్రయత్నిస్తూనే ఉండాలి, పార్ట్‌నర్ హోటల్‌లో గది వదులుకోకూడదు. మెసేజ్ చూడకుండానే గెస్ట్ మీ దగ్గరికి వచ్చేస్తే, “మెసేజ్ పంపాం కదండీ” అనే మాట కౌంటర్‌లో ఎవరి నోటా రాకూడదు. అందుకే ఆ మెసేజ్ ప్రింట్, టాక్సీ నంబర్ రెండూ రాత్రి షిఫ్ట్ లాగ్‌బుక్‌లో పెట్టి, వచ్చేవాళ్లకి చెప్పి మరీ వెళ్లాలి.