పదమూడు వేల జీతంలో గంటకి ఎంత పడుతోంది?

ఇంటిపని చేసే మనిషి జీతం ఎంత అని అడిగితే ఇచ్చేవాళ్లయినా తీసుకునేవాళ్లయినా నెలకి ఇంత అని ఒకే అంకె చెప్తారు. ఆ ఒక్క అంకెతో అది కనీస వేతనం దాటిందో లేదో తేలదు, ఎందుకంటే కనీస వేతనం ఎప్పుడూ ఇంత పనికి ఇంత అనే ఉంటుంది. కొన్ని దేశాల్లో గంటకి ఇంత అని పెడతారు, కొన్ని చోట్ల రోజుకి, ఇంకొన్ని చోట్ల నెలకి పెడతారు, కానీ ఆ నెల అంకె వెనకాల కూడా వారానికి ఇన్ని గంటలు అనే లెక్క ఒకటి ఉంటుంది, అది చాలామంది చూడరు. ఫ్యాక్టరీలో అయితే షిఫ్టు టైమ్ ఉంటుంది కాబట్టి గంటలు తెలిసిపోతాయి. ఇంట్లో షిఫ్టు ఉండదు, పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఎవరూ రాసుకోరు, అసలు చిక్కంతా అక్కడే.

ఒక కేసు తీసుకుని మొత్తం లెక్క వేసి చూద్దాం. యజమాని ఇంట్లోనే ఉండి పని చేసే ఒకామె, జీతం నెలకి 13,000. మాట్లాడుకున్నది రోజుకి 8 గంటలు, వారానికి 6 రోజులు, ఆదివారం సెలవు. చట్టం ప్రకారం గంటకి కనీసం 60 ఇవ్వాలి అనుకుందాం. ఇవి లెక్క కోసం పెట్టుకున్న అంకెలు, మీరున్న చోట రేటు ఎంతో అది పెట్టుకుని ఇదే దారిలో వెళ్లొచ్చు.

ముందు నెల జీతాన్ని వారం జీతంగా మార్చాలి. చాలామంది ఇక్కడే 4 తో భాగించేస్తారు, నెలకి నాలుగు వారాలు కదా అని. కాదండీ, సంవత్సరానికి 52 వారాలు, 12 నెలలు, అంటే నెలకి 4.33 వారాలు. నాలుగు అనుకుంటే సంవత్సరానికి 48 వారాలే లెక్కలోకి వస్తాయి, మిగతా 4 వారాలు ఆమె చేసిన పని మాయమైపోతుంది, ఒక నెల జీతమంత పని అన్నమాట. అందుకే 13,000 ని 12 తో గుణించి 52 తో భాగిస్తే సరిగ్గా 3,000 వస్తుంది. ఇది ఆమె వారం జీతం.

మాట్లాడుకున్న 48 గంటలకి 3,000 అంటే గంటకి 62.50, కనీసం 60 కాబట్టి పాసే. యజమాని నిజాయితీగా "మేం కనీస వేతనం కన్నా ఎక్కువే ఇస్తున్నాం" అనగలరు, కాగితం మీద అది నిజం కూడా. కానీ ఇక్కడే ఇంకో లెక్క వెయ్యాలి, నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే: 3,000 ని 60 తో భాగిస్తే 50. అంటే ఈ జీతం వారానికి 50 గంటల వరకే సరిపోతుంది. ఒప్పందంలో 48 ఉన్నాయి, మధ్యలో జాగా రెండు గంటలే, ఆరు రోజుల మీద పంచితే రోజుకి 20 నిమిషాలు. పొద్దున పావుగంట ముందు మొదలై సాయంత్రం ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా పని ముగిస్తే చాలు, జీతం కనీస వేతనం కిందకి జారిపోతుంది, ఎవరూ ఒక్క పైసా తగ్గించకుండానే.

ఇప్పుడు నిజంగా ఎన్ని గంటలు చేస్తోందో చూడాలి. దీనికి గుర్తు తెచ్చుకుని చెప్పడం పనికిరాదు. "రోజుకి ఎన్ని గంటలు పని" అని అడిగితే మనుషులు మామూలు రోజు గురించే చెప్తారు, చుట్టాలొచ్చిన శనివారం, పిల్లాడికి జ్వరం వచ్చిన రాత్రి లెక్కలోకి రావు. అడగాల్సింది నిన్న ఎన్నింటికి లేచావు, మొదట ఏం చేశావు, తర్వాత ఎన్నింటికి ఆగావు అని, వరసగా. కనీసం రెండు మూడు వారాలు ఏ రోజుది ఆ రోజే రాసుకోవాలి, మొదలైన టైమ్, ఆగిన టైమ్, ఆ మధ్యలో బయటికి వెళ్లే స్వేచ్ఛ ఉందా లేదా, ఈ మూడు చాలు. రాయడం రాకపోతే ఫోన్‌లో ప్రతిసారీ ఒక వాయిస్ మెసేజ్ తనకి తానే పంపుకున్నా టైమ్ దానంతట అదే పడుతుంది.

మన కేసులో ఆమె డైరీ ఇలా వచ్చింది అనుకుందాం. పొద్దున 6:30 నుంచి 10:30 దాకా పని, నాలుగు గంటలు. తర్వాత 12 దాకా గంటన్నర ఖాళీ, కావాలంటే బయటికి వెళ్లొచ్చు, పడుకోవచ్చు, ఎవరూ పిలవరు. 12 నుంచి 2 దాకా మళ్లీ పని. 2 నుంచి 4 దాకా పాప నిద్రపోతుంది, ఈమెకి చెయ్యాల్సిన పనేమీ లేదు కానీ ఇంట్లో ఇంకెవరూ ఉండరు కాబట్టి కదలకూడదు. 4 నుంచి 7 దాకా సాయంత్రం పని. పాప నిద్ర టైమ్ పక్కన పెడితే రోజుకి 9 గంటలు, ఆరు రోజులకి 54. శనివారం వచ్చినవాళ్ల కోసం ఇంకో రెండు గంటలు, 56. ఆదివారం సెలవే కానీ ఇంట్లోనే ఉంటుంది కదా అని పొద్దున "కాస్త" చేసిపెట్టమంటారు, ఆ కాస్త రెండు గంటలు, మొత్తం 58. రోజుకి ఎనిమిది గంటల ఒప్పందం ఒక్కరోజు కూడా పెద్దగా తప్పినట్టు అనిపించదు, అయినా వారం చివరికి పది గంటలు ఎక్కువ పడ్డాయి.

స్ప్రెడ్‌షీట్‌లో అయితే ఒక్క లైనే, నెల జీతం, వారం గంటలు పెడితే గంటకి ఎంతో వచ్చేస్తుంది:

```
=13000*12/(52*58)
```

జవాబు 51.72. ఉండాల్సింది 60. వారానికి రావాల్సింది 58 ఇంటు 60, 3,480, వస్తున్నది 3,000, లోటు 480, నెలకి మార్చితే 2,080. నాలుగు వారాల తప్పు లెక్క వేసి ఉంటే ఇదే జీతం గంటకి 56 గా కనిపించేది, లోటులో దాదాపు సగం దాక్కునేది.

పాప నిద్రపోయే ఆ రెండు గంటల సంగతి ఇంకా మిగిలే ఉంది, వారానికి 12 గంటలు. దీని మీదే ఎక్కువ వాదన జరుగుతుంది, పని చెయ్యలేదు కదా డబ్బులెందుకు అంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 లో ఇంటిపని కార్మికుల మీద 189 వ ఒప్పందం ఆమోదించింది, 2013 నుంచి అమల్లో ఉంది. దాని పదో ఆర్టికల్ ఈ విషయమే చెప్తుంది: మనిషి తన టైమ్‌ని తనకి నచ్చినట్టు వాడుకోలేక, పిలిస్తే పలకడానికి ఆ ఇంటివాళ్ల కోసం అందుబాటులో ఉండాల్సిన సమయాన్ని పని గంటలుగా చూడాలి, అయితే ఎంత మేరకి అన్నది ఆ దేశ చట్టమో సామూహిక ఒప్పందమో తేలుస్తుంది. కాబట్టి చేతులు కదిలాయా లేదా అని చూడకూడదు, ఆ టైమ్ ఎవరి చేతిలో ఉంది అని చూడాలి. 10:30 నుంచి 12 దాకా టైమ్ ఆమెది. 2 నుంచి 4 దాకా టైమ్ ఆమెది కాదు, ఆమె వెళ్లిపోతే ఇంకో మనిషిని కూర్చోబెట్టాల్సిందే, ఆ మనిషి ఊరికే కూర్చోదు.

ఎంత మేరకి అన్నది చట్టాన్ని బట్టి మారుతుంది కాబట్టి రెండు మూడు విధాలుగా వేసి చూసుకోవాలి. ఆ 12 గంటలు పూర్తిగా లెక్కేస్తే వారానికి 70 గంటలు, రావాల్సింది 4,200, నెలకి లోటు 5,200. సగమే లెక్కేసే నియమం ఉంటే 64 గంటలు, నెలకి లోటు 3,640. అసలు లెక్కెయ్యకపోయినా ఇందాకటి 2,080 లోటు ఉండనే ఉంది. అంటే ఈ కేసులో వాదనలో ఎవరు గెలిచినా జీతం తక్కువే, ఎంత తక్కువ అన్నదే తేలాలి. ఎప్పుడూ ఇలాగే రాదు, కొన్నిసార్లు ఫలితమంతా ఆ కాపలా గంటల మీదే ఆధారపడుతుంది, అలాంటప్పుడు లాయర్‌నో కార్మిక శాఖనో అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అదే.

ఇక గంటల సంగతి తేలగానే "తిండి, గది కూడా ఇస్తున్నాం కదా, దానికి నాలుగు వేలు వేసుకోండి" అంటారు. ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. అదే ఒప్పందం ప్రకారం జీతంలో కొంత భాగమే వస్తువుల రూపంలో ఉండొచ్చు, అది కూడా కార్మికురాలు ఒప్పుకోవాలి, ఆమె సొంత వాడకానికి పనికొచ్చేది అయి ఉండాలి, కట్టిన విలువ న్యాయంగా ఉండాలి. చాలా దేశాలు దీనికి ఒక పరిమితి పెడతాయి, కొన్ని అసలే ఒప్పుకోవు. ఆ ఒప్పందంతో పాటు వచ్చిన 201 వ సిఫారసు ఇంకొంచెం ముందుకెళ్లి, పనికి కావాల్సిన యూనిఫాం, పనిముట్లు, వాటి శుభ్రం ఖర్చు ఇవేవీ జీతంగా చూడకూడదంటుంది. ఇంట్లోనే ఉండాలి అని షరతు పెట్టింది యజమాని అయినప్పుడు, ఆమె ఒప్పుకోకుండా ఆ గది పేరుతో జీతంలో కోత పెట్టకూడదని కూడా అందులోనే ఉంది. నాకది చాలా సబబుగా అనిపిస్తుంది, ఆ గది ఉండబట్టే కదా పొద్దున ఆరున్నరకి, ఆదివారం కూడా, మనిషి పిలవగానే దొరుకుతోంది.

అడ్వాన్స్ విషయంలో మాత్రం వేరేగా ఆలోచించాలి. ముందు నెల 3,000 అప్పుగా తీసుకుని ఈ నెల చేతికి 10,000 వస్తే, లెక్కలో 13,000 అనే వేసుకోవాలి, ఆ మూడు వేలు ఆమె ముందే తీసుకుంది కాబట్టి. కప్పు పగిలిందనో లేట్ అయిందనో కోసింది అలా కాదు, అది ఆమెకి ఎప్పుడూ అందలేదు. అందుకే చేతికి ఎంత వచ్చింది అన్న దాంతో పాటు తగ్గింది ఎందుకు అన్నది కూడా డైరీలో పక్కనే రాసుకోవాలి.

ఓవర్‌టైమ్ ఇందులో కలపలేదు. 48 దాటిన గంటలకి ఎక్కువ రేటు ఇవ్వాలనే చట్టం ఉన్న చోట ఆ 10 గంటలకి 60 సరిపోదు, లోటు ఇంకా పెరుగుతుంది. అయినా ముందు కనీస వేతనం లెక్క విడిగా పూర్తి చేసి, తర్వాత ఓవర్‌టైమ్ దాని పైన వేసుకోవడం మంచిది, రెండూ కలిపితే ఎక్కడ తప్పు పోయిందో ఎదుటివాళ్లకి చూపించలేం.

లెక్క తేలాక సరిచెయ్యడానికి జీతం పెంచడం ఒక్కటే దారి అని కాదు. ఈ ఇంట్లో మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా పాప దగ్గర ఇంట్లోవాళ్లు ఎవరైనా ఉండి ఆమెని నిజంగా వదిలేస్తే ఆ 12 గంటల గొడవ పోతుంది. ఆదివారం పని మానేస్తే రెండు గంటలు, శనివారం ఏడింటికే ఆపేస్తే ఇంకో రెండు, అప్పుడు 54 మిగులుతాయి, ఈ జీతానికి చెల్లేవి 50. ఆ నాలుగు గంటలకి వారానికి 240, అంటే నెలకి 1,040 పెంచాలి, లేదంటే రోజుకి 40 నిమిషాల పని తగ్గించాలి. ఇప్పటిదాకా తక్కువ ఇచ్చిన నెలల బాకీ మాత్రం దీనితో తీరదు, అది విడిగా లెక్కగట్టి ఇవ్వాల్సిందే.