బిట్‌కాయిన్ ఆప్షన్‌కు అంత ప్రీమియం ఎందుకు?

బిట్‌కాయిన్ ధర సరిగ్గా లక్ష డాలర్లు ఉందనుకుందాం. నెల తర్వాత అదే లక్షకు కొనే హక్కునిచ్చే కాల్ ఆప్షన్‌కు ప్రీమియం, అంటే ఆ హక్కు కోసం ముందే కట్టే ధర, సుమారు 6,900 డాలర్లు. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ షేర్లు అదే లక్ష డాలర్ల విలువకు తీసుకుని, అంతే గడువుకు, అప్పటి ధరకే కాల్ కొంటే దాదాపు 2,900 డాలర్లు సరిపోతుంది. సరుకు విలువ ఒకటే, గడువు ఒకటే, హక్కు ఒకటే. ఖరీదు మాత్రం రెండున్నర రెట్లకు కొంచెం తక్కువ. లెక్క తేలికగా సాగాలని ఎంచుకున్న అంకెలే ఇవి, కానీ మార్కెట్లో మామూలుగా కనిపించే స్థాయిలకు దూరమైనవి కావు.

ఈ తేడా ఒకే ఒక్క అంకె నుంచి వస్తుంది. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రచురించిన సూత్రం ప్రకారం ఆప్షన్ విలువ కట్టడానికి ఐదు విషయాలు కావాలి: సరుకు ప్రస్తుత ధర, కొనడానికి ముందే ఖాయం చేసుకున్న స్ట్రైక్ ధర, మిగిలిన గడువు, వడ్డీ రేటు, గడువులోగా ధర ఎంతగా ఊగుతుందన్న అంచనా. మొదటి నాలుగూ తెరమీద కనిపిస్తాయి. ఐదోది ఎవరికీ తెలియదు. అందుకే వ్యాపారులు ఆ సూత్రాన్ని వెనక్కి తిప్పి వాడతారు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ బేరమాడి ప్రీమియం తేల్చుకున్నాక, ఆ ప్రీమియం రావాలంటే ఐదో అంకె ఎంత ఉండాలో లెక్కగడతారు. అలా బయటపడేదే ఇంప్లైడ్ వొలటిలిటీ. అది జోస్యం కాదు, ఊగిసలాటకు మార్కెట్ ఆ క్షణాన కట్టిన వెల. పైన చెప్పిన బిట్‌కాయిన్ ఆప్షన్‌లో అది ఏడాదికి 60 శాతం, షేరులో 25 శాతం.

ఏడాదికి 60 శాతం అన్నది చేతికి దొరికే అంకె కాదు. దాన్ని రోజుకు మార్చాలంటే 365తో కాక, 365 వర్గమూలంతో, అంటే సుమారు 19తో భాగించాలి. ధర ఒక రోజు పైకి, ఒక రోజు కిందికి పోతూ కొంత తనను తాను రద్దు చేసుకుంటుంది కాబట్టి కదలికలు కాలంతో సమానంగా పెరగవు, కాలం వర్గమూలంతో పెరుగుతాయి. లెక్క వేస్తే రోజుకు 3.1 శాతం వస్తుంది. మూడు రోజుల్లో రెండు రోజులు ధర ఈ పరిధిలోపలే కదులుతుందని, మూడో రోజు దాన్ని దాటుతుందని స్థూలంగా అర్థం. 25 శాతం ఉన్న షేరుకు ఇదే లెక్క రోజుకు 1.3 శాతం.

స్ట్రైక్ ధర ప్రస్తుత ధర దగ్గరే ఉన్నప్పుడు ప్రీమియాన్ని నోటిలెక్కగా చెప్పేయవచ్చు:

0.4 × ధర × వొలటిలిటీ × √కాలం

కాలాన్ని సంవత్సరాల్లో పెట్టాలి. 30 రోజులంటే 30/365, దాని వర్గమూలం 0.287. లక్షను 0.4తో, 0.6తో, 0.287తో గుణిస్తే 6,900కు చేరువలో వస్తుంది. 0.6 స్థానంలో 0.25 పెడితే 2,900. ఇక్కడ ప్రీమియం వొలటిలిటీకి అనులోమ నిష్పత్తిలో ఉంది. 60ని 25తో భాగిస్తే 2.4, ప్రీమియాల తేడా కూడా అంతే.

అసలు వింత దూరపు స్ట్రైక్‌ల దగ్గర ఉంది. నెలలో ధర 20 శాతం పైకి, అంటే 1,20,000 దాటితేనే పనికొచ్చే కాల్ చూద్దాం. బ్లాక్-షోల్స్ సూత్రంలో వడ్డీని వదిలేసి 60 శాతం పెడితే విలువ సుమారు 1,400 డాలర్లు. 25 శాతం పెడితే 14 డాలర్లు. వొలటిలిటీ రెండున్నర రెట్లు కూడా లేదు, ప్రీమియం మాత్రం వంద రెట్లు! కారణం కష్టమైనదేమీ కాదు. రోజుకు 1.3 శాతం కదిలే షేరు నెలలో 20 శాతం పెరగడం చాలా అరుదు. రోజుకు 3.1 శాతం కదిలేదానికి అది ఎనిమిది నెలల్లో ఒకసారి జరిగినా ఆశ్చర్యపోనక్కరలేదు. గంట ఆకారపు వక్రరేఖ అంచుల్లో పరిస్థితి ఇలా ఉంటుంది: రేఖ కాస్త వెడల్పయితే చాలు, అంచున ఉన్న సంభావ్యత ఎన్నో రెట్లు ఉబ్బిపోతుంది. (నిజమైన మార్కెట్లో షేరు కాల్‌కు సరిగ్గా 14 డాలర్లే ఉండవు. దూరపు స్ట్రైక్‌లకు వ్యాపారులు వేర్వేరు వొలటిలిటీలు కడతారు. అయినా అంతరం అంతరమే.) కాయిన్ ఆప్షన్ల ధరలు చూసి కొత్తవాళ్లు నోరెళ్లబెట్టేది ఎక్కువగా ఈ దూరపు స్ట్రైక్‌ల దగ్గరే.

ఇక అమ్మేవాడి వైపు నుంచి చూస్తే ఈ 60 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆప్షన్లు అమ్మే పెద్ద సంస్థలు ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం కాయవు. పైన చెప్పిన కాల్ అమ్మిన వెంటనే సుమారు 0.53 బిట్‌కాయిన్ కొని పెట్టుకుంటాయి. ధర పెరిగితే ఆప్షన్‌లో పోయేది ఈ బిట్‌కాయిన్‌లో తిరిగొస్తుంది. చిక్కేమిటంటే ఆ 0.53 స్థిరంగా ఉండదు. ధర 3 శాతం పెరిగితే 0.60కి పెంచుకోవాలి, తగ్గితే తగ్గించుకోవాలి. అంటే పెరిగాక కొనడం, తగ్గాక అమ్మడం. ప్రతి సర్దుబాటులో కొంత నష్టం ఖాయం. దానికి బదులుగా అమ్మేవాడికి దక్కేది రోజులు గడిచేకొద్దీ ఆప్షన్ విలువ కరిగిపోవడం.

మన ఉదాహరణలో ఆ కరుగుదల మొదటి రోజున సుమారు 114 డాలర్లు. బిట్‌కాయిన్ ఆ రోజు 3.1 శాతం కదిలితే సర్దుబాటు నష్టం కూడా దాదాపు 114. రెండూ చెల్లుకు చెల్లు. కదలిక అందులో సగమే అయితే నష్టం 28 డాలర్లే, మిగతాది లాభం. రెట్టింపయితే మాత్రం నష్టం నాలుగు రెట్లు, 450 డాలర్ల పైన. నష్టం కదలిక వర్గంతో పెరుగుతుంది. కాబట్టి ప్రీమియం అంటే, నెలంతా ఇలా సర్దుకుంటూ పోవడానికి అయ్యే ఖర్చును అమ్మేవాడు ముందే వసూలు చేసుకోవడం. రోజుకు మూడు శాతం కదిలే సరుకుకు ఆ ఖర్చు సహజంగానే ఎక్కువ.

సర్దుకునే వీలే లేని రోజులూ ఉంటాయి. 2020 మార్చి 12న బిట్‌కాయిన్ 8,000 డాలర్ల దరిదాపుల నుంచి 5,000 కిందికి, ఒక్క రోజులో 40 శాతం మేర పడింది. అదే రోజు అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ 9.5 శాతం పడితే 1987 తర్వాత అంత ఘోరమైన రోజు లేదన్నారు. మన కాల్ అమ్మినవాడు ఆ రోజు నిద్రలో ఉన్నాడనుకోండి. లక్ష కాస్తా 60,000 అయింది. ప్రీమియం 6,900 మిగిలింది. కానీ చేతిలోని 0.53 బిట్‌కాయిన్ మీద 21,200 పోయింది. నికర నష్టం 14,000 పైన, అదీ ధర పడినప్పుడు కాల్ అమ్మినవాడికి! అమ్మకందారు ప్రీమియంలో ఇలాంటి రోజుల కోసం కొంత అదనంగా వేసుకుంటాడు. అందుకే ఇంప్లైడ్ వొలటిలిటీ, తర్వాత నిజంగా కనిపించే ఊగిసలాట కంటే సాధారణంగా కొంచెం ఎక్కువగానే ఉంటుంది. ఈ అదనం షేర్లలోనూ ఉంది, కాయిన్లకే ప్రత్యేకం కాదు.

మరి కాయిన్లు అంత ఎందుకు ఊగుతాయి? పెద్ద కంపెనీకి మూడు నెలలకోసారి లాభనష్టాల ఖాతా బయటికొస్తుంది. ధర బాగా పడితే, ఈ లాభానికి ఈ ధర చవకేనని కొనేవాళ్లు ఉంటారు, ఒక్కోసారి కంపెనీయే తన షేర్లు తిరిగి కొంటుంది. బిట్‌కాయిన్‌కు ఆదాయం లేదు, డివిడెండ్ లేదు, ఎక్కడ చవకో చెప్పే కొలబద్ద లేదు. గరిష్ఠ సంఖ్య 2.1 కోట్లని ముందే తేలిపోయింది కాబట్టి, గిరాకీ పెరిగినా ఉత్పత్తి పెరిగి ధరను నిలబెట్టే వీలు లేదు. మార్పంతా ధరే మోయాలి.

దానికి అప్పు తోడవుతుంది. ఎక్స్ఛేంజీలు కొద్దిపాటి పూచీ మీద ఎన్నో రెట్ల ఫ్యూచర్స్ కొననిస్తాయి. పూచీ చాలకపోతే కంప్యూటరే ఆ ఖాతాను అమ్మేస్తుంది, ఆ అమ్మకం ధరను ఇంకాస్త దించుతుంది, తర్వాతి ఖాతా కూలుతుంది. 2025 అక్టోబరు 10న చైనా సరుకులపై ట్రంప్ కొత్త సుంకాలు ప్రకటించినప్పుడు ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్లకు పైగా విలువైన పందాలు ఇలా బలవంతంగా మూతపడ్డాయి. షేర్లలోనూ అప్పు వ్యాపారం ఉంది. కానీ అక్కడ సూచీ 7 శాతం పడితే అమెరికాలో వ్యాపారం కాసేపు ఆపేస్తారు, ముంబైలో 10 శాతం దగ్గర ఆపుతారు. కాయిన్ మార్కెట్‌కు గంట కొట్టి ఆపేవాడు లేడు, సెలవు రోజు లేదు.

ఇంకో చిన్న మెలిక. ఈ ఆప్షన్ల వ్యాపారంలో చాలాకాలంగా ముందున్న డెరిబిట్ ఎక్స్ఛేంజీలో బిట్‌కాయిన్ ఆప్షన్ల ప్రీమియం, చెల్లింపు ప్రధానంగా బిట్‌కాయిన్‌లోనే సాగుతూ వచ్చాయి. ముందే ఖాయం చేసుకున్న ధరకు అమ్ముకునే హక్కునిచ్చే పుట్ ఆప్షన్ అమ్మి, పూచీగా బిట్‌కాయిన్ పెట్టినవాడికి ధర పడినప్పుడు నష్టం పెరుగుతుంది, పూచీ విలువా అప్పుడే కరుగుతుంది. ఆ భయానికీ వెల కట్టుకోక తప్పదు.

అయితే ప్రీమియం ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆప్షన్ ఖరీదైనదని కాదు. 60 శాతం వెల కట్టిన నెలలో బిట్‌కాయిన్ నిజంగా 80 శాతం లెక్కన ఊగితే ఆ 6,900 చవకే. 25 శాతం కట్టిన షేరు 15 శాతమే ఊగితే ఆ 2,900 ఖరీదు. పోల్చాల్సింది కాయిన్‌ను షేరుతో కాదు, ఇంప్లైడ్‌ను అదే సరుకు నిజమైన ఊగిసలాటతో. ఇది పట్టించుకోనివారికి తగిలే దెబ్బ ఎలా ఉంటుందో మన కాల్‌తోనే చూడవచ్చు. కొన్న పది రోజులకు ధర 1,03,000కు పెరిగింది, అంచనా నిజమైంది. కానీ ఈలోగా మార్కెట్ సద్దుమణిగి వొలటిలిటీ 60 నుంచి 40కి దిగింది. ఆప్షన్ విలువ ఇప్పుడు సుమారు 5,500. ధర పెరిగినా 1,400 పోయింది.

అలా దిగడం అరుదేమీ కాదు. నెల గడువుకు బిట్‌కాయిన్ ఇంప్లైడ్ వొలటిలిటీని చూపే, డెరిబిట్ లెక్కగట్టే డీవాల్ సూచీ 2021 మే పతనంలో 100 దాటింది, 2025 మధ్యలో 40 దరిదాపుల్లో తిరిగింది. మధ్యలో 2024 జనవరిలో అమెరికాలో నేరుగా బిట్‌కాయిన్‌నే కొని పెట్టుకునే ఈటీఎఫ్ ఫండ్లకు అనుమతి వచ్చింది, నవంబరులో బ్లాక్‌రాక్ ఈటీఎఫ్ మీద ఆప్షన్లు మొదలయ్యాయి. చేతిలో కాయిన్ పెట్టుకుని దానిపై కాల్స్ అమ్మి నెలనెలా ప్రీమియం రాబట్టుకునేవాళ్లు పెరిగారు. అమ్మేవాళ్లు పెరిగితే ఏ సరుకు ధరైనా తగ్గుతుంది, వొలటిలిటీ ధర కూడా. అదే కాలంలో టెస్లా షేరు ఆప్షన్ల ఇంప్లైడ్ వొలటిలిటీ చాలాసార్లు బిట్‌కాయిన్‌ను మించి నడిచింది.