"14 రాత్రి గౌతమి": టికెట్ మెసేజ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

బెజవాడలో టికెట్ల పని చేస్తున్నాను. బస్సు, రైలు రెండూ. ఒకప్పుడు జనం కౌంటర్ ముందు నిలబడి అడిగేవాళ్లు, ఇప్పుడు వాట్సాప్‌లో ఒక ముక్క పడేస్తారు. ఆ ముక్కని సరిగా అర్థం చేసుకోవడమే ఈ పనిలో సగం. దీని గురించి మా వాళ్లలోనే కొన్ని తప్పుడు నమ్మకాలున్నాయి.

అపోహ: మెసేజ్‌లో వివరాలు తక్కువ ఉంటే అది అస్పష్టమైన మెసేజ్.

"అన్నా, ఎల్లుండి హైదరాబాద్ రెండు, నైట్ బస్."

కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి ఇది చూపిస్తే వరసగా ప్రశ్నలు రాస్తాడు. ఏసీనా, నాన్ ఏసీనా? సీటరా, స్లీపరా? ఎక్కడ ఎక్కుతారు? ఎక్కడ దిగుతారు? ఎన్ని గంటలకి? నేను కూడా మొదట్లో అలాగే అడిగేవాణ్ణి. నాలుగో ప్రశ్న పంపేసరికి అవతలి మనిషి ఫోన్‌లో తనే బుక్ చేసుకునేవాడు.

నిజానికి ఈ మెసేజ్‌లో అయోమయం ఏమీ లేదు. ఈయన గత ఏడాదిగా భార్యతో కలిసి ఏసీ స్లీపర్‌లోనే వెళ్తున్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఎక్కుతాడు, పది దాటాక బయలుదేరే బస్సు అడుగుతాడు. పద్ధతి మార్చుకోదలిస్తే ఆ ముక్క చెప్పి ఉండేవాడు. రాయలేదంటే ఎప్పటిలాగే అని. దిగే చోటు తప్పుగా పెట్టినా పెద్ద నష్టం లేదు. ఎల్‌బీ నగర్ అని పెట్టినా బస్సు ముందుకెళ్తే దిల్‌సుఖ్‌నగర్‌లో దిగొచ్చు. కాబట్టి నేను అడగను. "ఎల్లుండి గురువారం, ఏసీ స్లీపర్, కింద రెండు పక్కపక్కన, బెంజ్ సర్కిల్ 10:30. చేసేస్తున్నా" అని పంపుతాను. మార్చాల్సింది ఉంటే ఆయనే చెప్తాడు. ఎక్కువసార్లు బొటనవేలు ఒక్కటే వస్తుంది.

అపోహ: తేదీ, బండి పేరు, క్లాసు అన్నీ ఉంటే ఇక అనుమానానికి తావు లేదు.

నన్ను ముంచింది ఇదే. మెసేజ్ ఇలా వచ్చింది: "14 రాత్రి గౌతమి, బెజవాడ టు కాకినాడ, థర్డ్ ఏసీ 3." పై మెసేజ్ కంటే ఇందులో వివరాలు రెట్టింపు. ఏ ప్రశ్నా లేకుండా 14 పెట్టి చేసేశాను.

గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లిలో రాత్రిపూట బయలుదేరుతుంది. విజయవాడకి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. రైల్వేకి తేదీ సరిగ్గా 12 గంటలకి మారిపోతుంది, మనం ఎక్కే స్టేషన్‌లో బండి కదిలే తేదీనే టికెట్ మీద పడుతుంది. అంటే 14 అని ఉన్న టికెట్‌కి, 13 రాత్రి భోంచేసి స్టేషన్‌కి వెళ్లాలి. వాళ్లు 14 రాత్రి భోంచేసి వెళ్లారు. వాళ్ల బెర్తులు అంతకు ముందు రాత్రే కాకినాడ వెళ్లిపోయాయి. బండి వెళ్లిపోయిన టికెట్‌కి డబ్బు రాదు. మూడు టికెట్ల డబ్బు నేనే కట్టుకున్నాను. వాళ్లు మళ్లీ నా దగ్గరికి వచ్చారా అంటే, ఆ సంగతి వదిలేద్దాం.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. మన మనసులో రాత్రి అంటే తెల్లారేదాకా. పంచాంగంలో వారం కూడా సూర్యోదయానికే మారుతుంది. అందుకే "శుక్రవారం రాత్రి రెండింటికి" అని ఎవరైనా వారం పేరుతో చెప్తే, దాదాపు ఎప్పుడూ శుక్రవారం రాత్రి పడుకోకుండా మేలుకుని ఉండే సమయమనే అర్థం. టికెట్ మీద తేదీ శనివారానిది పడాలి. చూడటానికి రెండు రకాలుగా ఉన్నా, ఇందులో బలమైన అర్థం ఒకటే. "శనివారం తెల్లవారుజామున" అన్నప్పుడైతే అనుమానమే లేదు.

అంకెతో తేదీ రాసినప్పుడు మాత్రం చిక్కు. "14 రాత్రి" అన్న మనిషి ఆ 14ని ఎక్కడి నుంచి తెచ్చాడు? గోడ మీద క్యాలెండర్ చూసి రాస్తే తన రాత్రి లెక్క. యాప్‌లో బండి వెతికి, అక్కడ కనబడిన తేదీ చూసి రాస్తే రైల్వే లెక్క. ఇద్దరు మనుషులు, రెండు వేర్వేరు ఉద్దేశాలతో, అక్షరం తేడా లేకుండా ఇదే మెసేజ్ రాస్తారు. అసలైన అయోమయం ఇది. నేను వాడే పరీక్ష కూడా ఇదే: రెండో అర్థం మనసులో ఉన్న మనిషి కూడా ఇవే మాటలు రాస్తాడా? రాయడు, వేరేలా చెప్తాడు అనిపిస్తే అడగాల్సిన పని లేదు.

"వచ్చే ఆదివారం" విషయంలోనూ ఈ పరీక్ష పనికొస్తుంది. శనివారం నాడు ఎవరైనా "వచ్చే ఆదివారం" అంటే మర్నాడు కాదు, ఎనిమిది రోజుల తర్వాత. మర్నాడే అయితే "రేపు" అనేవాడు కదా. అదే మాట గురువారం నాడు అంటే తేలదు. మా అమ్మ తరం వాళ్లకి వచ్చే ఆదివారం అంటే ముందు వచ్చేదే. ఆఫీసులో రోజంతా "నెక్స్ట్ సండే" అనేవాళ్లలో కొందరికి అది ఆ పై వారం. అక్కడ అడగాల్సిందే.

అపోహ: అనుమానం వస్తే "డేట్ కన్ఫర్మ్ చేయండి" అని అడిగితే చాలు.

అడిగి చూడండి. "అవును, 14" అని వస్తుంది. మెసేజ్‌లో ఉన్నదే మళ్లీ వచ్చింది. పైగా ఇప్పుడు కన్ఫర్మ్ అయిందన్న ధైర్యంతో తప్పు చేస్తాం. "బండి 15వ తేదీ కిందికి వస్తుందండీ" అని వివరించినా కొందరు ఇంకా తికమక పడతారు.

నేను ఇప్పుడు అడిగేది ఒకటే: "శుక్రవారం రాత్రి భోంచేసి స్టేషన్‌కి వెళ్తారా, శనివారం రాత్రి భోంచేసి వెళ్తారా?" తేదీ ఊసే ఎత్తను. దీనికి తప్పు జవాబు చెప్పిన మనిషి నాకింకా తగల్లేదు. ఈ మధ్య ఒకాయన "భోజనం పెళ్లివారింట్లోనే, శనివారం" అన్నాడు. ఆదివారం తేదీతో టికెట్ చేశాను.

ఒక్కోసారి ఆ ప్రశ్న కూడా అక్కర్లేదు, మెసేజ్‌లోనే జవాబు ఉంటుంది. "14 రాత్రి గౌతమి, 15 పొద్దున గృహప్రవేశం" అని ఉంటే ఆ బండి 15 తెల్లవారుజామున బెజవాడలో కదిలేదే. పై వాళ్లు గృహప్రవేశం మాట రాసి ఉంటే నా డబ్బు మిగిలేది.

అపోహ: ఎంత చిన్న అనుమానమైనా అడిగితే పోయేదేమీ లేదు.

పోతుంది. పండగ ముందు రోజుల్లో జవాబు వచ్చేలోపు ఉన్న బెర్తులు వెయిటింగ్ లిస్ట్‌లోకి వెళ్తాయి. తత్కాల్ అయితే మరీను. ఏసీకి ఉదయం 10కి, నాన్ ఏసీకి 11కి తెరుస్తారు, మా ఏజెంట్లకి మొదటి అరగంట ఎలాగూ ఇవ్వరు, కాబట్టి కస్టమర్ తనే కూర్చుని చేసుకోవాలి. అందులో ఇంకో మెలిక ఉంది. తత్కాల్ రోజుని బండి మొదలయ్యే స్టేషన్ తేదీ నుంచి లెక్కపెడతారు. విజయవాడలో 15న ఎక్కే గౌతమి లింగంపల్లిలో కదిలేది 14న, దానికి తత్కాల్ తెరిచేది 13 ఉదయం. 15కి ముందు రోజు కదా అని 14 పొద్దున కూర్చుంటే అప్పటికే ఒక రోజు ఆలస్యం. తేదీ సంగతి తేలకపోతే ఏ పొద్దున కూర్చోమని చెప్పాలో నాకే తెలియదు.

అందుకని పై బెర్తా కింద బెర్తా, కిటికీ పక్కనా లాంటివి అడగడం మానేశాను. అరవై దాటినవాళ్లు ఉంటే కింద బెర్త్ కోరి చేస్తాను, చేశానని చెప్తాను. అర్ధరాత్రి బండికి అంకెతో తేదీ పెట్టి పంపితే మాత్రం, ఎంత పాత కస్టమరైనా, భోజనం సంగతి అడిగాకే డబ్బు కడతాను.