ప్రొడక్షన్ డేటాబేస్ డిలీట్ అయ్యాక రాసే రిపోర్ట్: అపోహలు - వాస్తవాలు

ఇన్సిడెంట్ రిపోర్ట్ ఎలా రాయాలని టీమ్‌లో కొత్తవాళ్లు అడిగితే, 2017 జనవరి 31న కోడ్ హోస్టింగ్ సైట్ గిట్‌ల్యాబ్‌లో ప్రొడక్షన్ డేటాబేస్ డిలీట్ అయినదాని గురించి ఆ కంపెనీ రాసిన రిపోర్ట్ చదవమంటాను.

అపోహ: ఏ కమాండ్ కొట్టారో రాస్తే కారణం రాసినట్టే.

ఆ రాత్రి, ప్రైమరీ డేటాబేస్‌కు నకలుగా ఉండే రెప్లికా బాగా వెనకబడిపోయింది. దాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టాలని `pg_basebackup` నడిపితే, స్క్రీన్ మీద ఒక్క ముక్క కూడా రాకుండా అలాగే నిలబడింది. నిజానికి అది ప్రైమరీ డేటా పంపడం మొదలుపెట్టాలని ఎదురుచూస్తోంది. రెప్లికాలో మిగిలిన డేటా డైరెక్టరీయే అడ్డుపడుతోందనుకుని ఇంజనీర్ దాన్ని తీసేయబోయారు. కానీ `rm -rf` నడిచింది ప్రైమరీ మీద. ఒకటి రెండు సెకన్లలోనే ఆపేసినా, దాదాపు 300 జీబీలో 4.5 జీబీయే మిగిలింది. కారణం రాయాలంటే ఆ టూల్ మౌనం దగ్గర నుంచి రాయాలి. "పొరపాటున తప్పు సర్వర్‌లో నడిపారు" అని ఒక్క వాక్యంతో ముగిస్తే, రేపు ఇంకొకరు అదే టూల్ ముందు కూర్చుని అదే తప్పు చేస్తారు.

అపోహ: బ్యాకప్ జాబ్ పెట్టాం, కాబట్టి బ్యాకప్ ఉంది.

బ్యాకప్‌లు చేరాల్సిన వాళ్ల ఎస్3 బకెట్ తెరిచి చూస్తే ఖాళీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్, బ్యాకప్ తీయడానికి నడిచిన `pg_dump` మాత్రం 9.2ది. అందుకే రోజూ ఫెయిల్ అవుతూ వచ్చింది. ఫెయిల్ అయినట్టు వెళ్లిన మెయిళ్లను కూడా పంపినవాళ్లు అసలైనవాళ్లేనా అని చూసే డీమార్క్ సమస్య వల్ల అవతలి మెయిల్ సర్వర్ తిరస్కరించింది. చివరికి ఆదుకుంది, ప్రమాదానికి సుమారు 6 గంటల ముందు స్టేజింగ్ కోసం అదే ఇంజనీర్ చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్. స్టేజింగ్ డిస్కులు నెమ్మదివి కావడంతో అక్కడి నుంచి కాపీ చేసుకోవడానికే గంటల తరబడి పట్టింది. రీస్టోర్ సమయాన్ని కాపీ వేగంతో లెక్కగట్టి రాయండి. "త్వరలో" అని రాయకండి.

అపోహ: 6 గంటల డేటా పోయిందని రాస్తే చాలు.

అది చదివిన యూజర్‌కు తన పని పోయిందో ఉందో తెలియదు. గిట్‌ల్యాబ్ విడమరిచి చెప్పింది: దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు పోయాయి. గిట్ రిపోలు, వికీలు మాత్రం పోలేదు, వాటిని డేటాబేస్‌లో పెట్టరు కాబట్టి. పోనివి ఏవో రాయడమూ అంతే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. పాత స్నాప్‌షాట్‌తో, కొత్త ఐడీ నంబర్లు ఇచ్చే సీక్వెన్స్‌లు కూడా వెనక్కి వెళతాయి. పోయిన ఇష్యూ ఐడీ రేపు కొత్త ఇష్యూకి వస్తే, నిన్న వెళ్లిన మెయిల్‌లోని లింకు వేరేవాళ్ల ఇష్యూని తెరుస్తుంది. అందుకే వాళ్లు సైట్ తెరిచే ముందు సీక్వెన్స్‌లను 100,000 ముందుకు జరిపారు. ఒక టేబుల్‌కైతే ఇలా:

```sql
SELECT setval('issues_id_seq',
  (SELECT max(id) FROM issues) + 100000);
```

ఈ స్టెప్ ఏ టేబుళ్లకు, ఎన్నింటికి చేశారో రిపోర్ట్‌లో రాయండి. ఐడీల మధ్య ఆ ఖాళీ ఎందుకొచ్చిందని ఏడాది తర్వాత వెతికేవాళ్లకు జవాబు దొరికేది అక్కడే.