ఆరో తరగతిలో మార్కులు తగ్గితే పిల్లవాడు చెడిపోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏటా ఆగస్టు వచ్చేసరికి మా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ముగ్గురు నలుగురు తల్లిదండ్రులైనా కనబడతారు. చేతిలో మార్కుల కాగితం, పక్కన తల వంచుకున్న బిడ్డ. "ఐదు దాకా బాగా చదివేవాడు మేడం, ఇక్కడికొచ్చాక చెడిపోయాడు" అంటారు. నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. చాలా ఏళ్లుగా ఆరో తరగతికి క్లాస్ టీచర్‌ని నేనే. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దీన్ని నమ్మి తల్లిదండ్రులు తీసుకునే నిర్ణయాలు పిల్లలకు చాలా నష్టం చేస్తున్నాయి. అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: ఆరులో మార్కులు పడిపోయాయంటే బద్ధకం పెరిగింది, లేదా తెలివి ఇంతే.

వాస్తవం ఏమిటో చెప్పే ముందు ఆ బిడ్డకు జూన్‌లో ఏం జరిగిందో చూడండి. ప్రాథమిక పాఠశాలలో నాలుగు సబ్జెక్టులు ఉండేవి. ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్నీ చెప్పేవారు. హోంవర్క్ మరిచిపోతే గుర్తుచేసేదీ, కాపీ తప్పుగా పెట్టుకుంటే సరిచేసేదీ ఆ ఒక్క టీచరే. ఆరులో సబ్జెక్టులు ఆరవుతాయి. పరిసరాల విజ్ఞానం రెండుగా విడిపోయి సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం అవుతుంది. కొత్తగా హిందీ వస్తుంది. గంట కొట్టిన ప్రతిసారీ మనిషి మారతాడు, పద్ధతి మారుతుంది. ఒకరికి తెల్ల కాగితాల కాపీ కావాలి, మరొకరికి గీతల కాపీ కావాలి. ఎవరికి వారు తమ హోంవర్క్ ఒక్కటే ఇస్తున్నాం అనుకుంటారు. ఆ ఆరింటినీ కలిపి చూసేది ఆ పదకొండేళ్ల బిడ్డ ఒక్కడే.

నేను ఉన్నత పాఠశాలలో చేరిన మొదటి వారం నాకింకా గుర్తుంది. మూత్రానికి వెళ్లాలి. అడుగుదామని లేచేసరికి గంట కొట్టారు, టీచర్ వెళ్లిపోయారు. తరవాత వచ్చినవారికి నా పేరు తెలియదు. అడగడానికి నోరు రాలేదు. మధ్యాహ్నం దాకా బిగబట్టుకుని కూర్చున్నాను. ఆ పూట ఏ పాఠం చెప్పారో ఒక్క ముక్క కూడా నా బుర్రకెక్కలేదు. ప్రాథమిక బడిలో ఏనాడూ నాకీ ఇబ్బంది రాలేదు.

ఇక మార్కుల సంగతి. మేం పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే ఎఫ్ఏ, 20 మార్కులకు. అందులో నాలుగు భాగాలు: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. ఒక్కోదానికి 5. అంటే సగం మార్కులు కాపీల మీద, ప్రాజెక్టు మీదే ఆధారపడి ఉంటాయి. మార్కుల కాగితంలో మొత్తం ఒక్కటే చూసి బిడ్డను తిట్టేవారికి ఈ లోపలి లెక్క తెలియదు. చాలామంది అడగరు కూడా. దయచేసి అడగండి. ఏ టీచరైనా చూపిస్తారు.

రెండేళ్ల కిందట ఒక తల్లి టీసీ కోసం వచ్చింది. దూరంగా ఉన్న ఒక ప్రైవేటు హాస్టల్‌లో సీటు మాట్లాడుకుని మరీ వచ్చింది. కొడుకు ఐదులో క్లాసుకు మొదటివాడు. ఎఫ్ఏ-1లో సైన్సుకు 20కి 8 వచ్చాయి. నేను రిజిస్టరు తీసి ఆమె ముందు పెట్టాను. లఘు పరీక్షలో 5కి 4. భాగస్వామ్యంలో 3. రాత పనిలో 1. ప్రాజెక్టుకు సున్నా. "అమ్మా, పాఠం వాడికి వచ్చింది. రానిది వేరే ఉంది" అన్నాను. వాడి సంచి తెరిచి పుస్తకాలన్నీ బల్ల మీద పరిచాం. సైన్సు నోట్సు సగం తెలుగు కాపీ వెనక ఉంది, సగం అసలు లేదు. ప్రాజెక్టు చేసే ఉంచాడు, మడతపెట్టి సంచి అడుగున పడి ఉంది. ఎందుకివ్వలేదురా అంటే, "ఏ రోజు ఇవ్వాలో తెలియలేదు మేడం, సార్ వేరే క్లాసులో ఉన్నారు" అన్నాడు. ఆ తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. నెల రోజులుగా ఇంట్లో వాడికి దెబ్బలు పడుతున్నాయట.

మేం చేసింది నాలుగు పనులు. ఒక్కో సబ్జెక్టు కాపీకి ఒక్కో రంగు అట్ట వేశాం. టైంటేబుల్‌ను ఇంట్లో సంచి తగిలించే మేకు పక్కనే అంటించారు. రాత్రి అన్నం తిన్నాక దాన్ని చూస్తూ వాడే సంచి సర్దుకోవాలి, తల్లి పక్కన నిలబడాలి తప్ప తాను సర్దకూడదు. ఏ టీచర్ ఏం అడిగారో, ఎప్పటికి ఇవ్వాలో రాసుకోవడానికి ఒక చిన్న పుస్తకం పెట్టాం. వారానికి రెండుసార్లు, మధ్యాహ్నం గంట కాగానే, అది తెచ్చి నాకు చూపించాలి. నేను రెండు నిమిషాలు చూసేదాన్ని, అంతే.

నాలుగోది రాత వేగం, దీన్ని చాలామంది గమనించరు. ప్రాథమిక బడిలో అందరూ రాసేదాకా టీచర్ ఆగుతారు. మా దగ్గర పీరియడ్ అయిపోతే బోర్డు తుడిచేస్తారు. ఈ పిల్లవాడు బోర్డు వైపు ఒకసారి చూసి రెండు అక్షరాలు రాసి, మళ్లీ తలెత్తుతున్నాడు. పదం మొత్తం, తరవాత వాక్యంలో సగం గుర్తుపెట్టుకుని రాయడం రోజూ ఐదు నిమిషాలు ఇంట్లో సాధన చేయించమన్నాను. మిగిలిపోయిన నోట్సును అదే రోజు మధ్యాహ్నం పక్క పిల్లవాడి కాపీ చూసి పూర్తి చేయాలి, మర్నాటికి వదలకూడదు. దగ్గర పుస్తకం చూసి వేగంగా రాస్తూ, బోర్డు చూసి రాయలేకపోతే మాత్రం అది సాధనతో పోయేది కాదు. ముందు కళ్లు చూపించాలి.

ఎఫ్ఏ-2లో సైన్సుకు 15 వచ్చాయి. హిందీ మాత్రం 9 దగ్గరే ఆగింది. దానికి ఇంకా సమయం పట్టింది.

మరి ఇది సర్దుబాటు సమస్యో, చదువే వెనకబడిందో ఎలా తెలుస్తుంది? లఘు పరీక్ష మార్కులే గుర్తు. రాత పని, ప్రాజెక్టు తక్కువై లఘు పరీక్ష బాగుంటే పైన చెప్పిన పద్ధతులు చాలు. లఘు పరీక్ష కూడా అన్ని సబ్జెక్టుల్లో తక్కువగా ఉంటే నాలుగో తరగతి తెలుగు వాచకంలోంచి ఒక పేరా చదివించండి, ఒక భాగహారం చేయించండి. అక్కడ తడబడితే పునాదిలోనే ఖాళీ ఉంది. రంగు అట్టలు దాన్ని పూడ్చవు. బిడ్డ ఎక్కడ ఆగాడో అక్కడి నుంచి మళ్లీ నేర్పాలి. దానికి నెలలు పడుతుంది.

అపోహ: హాస్టల్‌లో వేస్తే దారిలో పడతాడు.

ఆగస్టులో బడి మారిస్తే ఆ బిడ్డ ఒకే ఏడాదిలో రెండుసార్లు కొత్త చోటుకు వెళ్తున్నాడు. జూన్ నుంచి కష్టపడి గుర్తుపట్టిన ముఖాలు, సంపాదించుకున్న ఒకరిద్దరు స్నేహితులు పోతారు. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మతో చెప్పుకునే ఆ పావుగంట కూడా పోతుంది. గురుకులాలు, నవోదయ వంటివి చెడ్డవని నేననడం లేదు. ఏడాది మొదట్లో, బిడ్డ ఇష్టపడి వెళ్తే బాగానే కుదురుకుంటారు. శిక్షగా, ఏడాది మధ్యలో పంపడమే నా అభ్యంతరం. టీసీ ఇవ్వకుండా ఆపే హక్కు మాకు లేదు, అడిగితే ఇస్తాం. కానీ మొదటి సంగ్రహణాత్మక మూల్యాంకనం, అంటే ఎస్ఏ-1, అయ్యేదాకా ఆగమని మాత్రం బతిమాలతాను. ఆగినవారిలో చాలామంది మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అపోహ: భయపడేది తన బిడ్డ ఒక్కడే.

పిల్లలు కూడా ఇదే అనుకుంటారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో ఆరో తరగతి పిల్లలపై చేసిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. కొత్త బడిలో మొదట్లో అందరికీ భయం ఉంటుందని, కొన్నాళ్లకు తగ్గుతుందని పెద్ద తరగతుల పిల్లలు చెప్పిన మాటలు చదివించి, దాని మీద ఆరో తరగతి పిల్లల చేత సొంతంగా రాయించారు. ఏడాది మొత్తంలో ఇలాంటి చిన్న రాతలు రెండే. గైర్హాజరు తగ్గింది, మార్కులు మెరుగుపడ్డాయి. అక్కడి బడులు వేరు, ఇక్కడివి వేరు, అంతే ఫలితం వస్తుందని నేను చెప్పలేను. కానీ ఖర్చు లేని పని కనుక మా బడిలో చేస్తున్నాం. జూన్‌లో ఏడో తరగతి పిల్లలు ఆరో తరగతికి ఉత్తరాలు రాస్తారు. పోయినేడు ఒకమ్మాయి, "మూడో పీరియడ్‌లో సంచి మార్చిపెట్టుకుని ఏడ్చాను, దసరా సెలవుల తరవాత మళ్లీ ఏడవలేదు" అని రాసింది. ఆ ఒక్క వాక్యానికి వెనక బెంచీలో ఇద్దరు తలలెత్తారు.

మిగతావి త్వరగా చెప్తాను. హిందీ రాదని జూలైలోనే ట్యూషన్ పెట్టించకండి. ప్రాథమిక బడి నుంచి వచ్చినవారికి అది అక్షరాల దగ్గరే మొదలవుతుంది. ప్రైవేటు బడిలో ముందే నేర్చుకుని వచ్చిన పక్క పిల్లవాడితో పోల్చడం అన్యాయం. ప్రవేశ పరీక్ష పెడతారని, కాగితాలు ఆలస్యమైతే చేర్చుకోరని వచ్చే పుకార్లు నమ్మకండి. మా బడులకు ఎంపిక పరీక్ష ఉండదు, ధ్రువపత్రం రావడం ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది.

ఆడపిల్లల గురించి ఒక మాట. ఈ వయసులోనే చాలామందికి మొదటిసారి నెలసరి వస్తుంది. నెలకోసారి రెండు మూడు రోజులు బడి మానుతుంటే తిట్టకుండా కారణం అడగండి. బడిలో ఏ టీచరమ్మ దగ్గర ప్యాడ్లు ఉంటాయో ముందే తెలిసిన పిల్లలు ఆ రోజుల్లోనూ వస్తున్నారు.

ఇంకొన్ని సంగతులు మార్కుల కాగితంలో కనబడవు. సెలవు రోజుల్లో రాకుండా బడి ఉన్న రోజు పొద్దునే వచ్చే కడుపునొప్పి, ఇంటికి తిరిగొచ్చే నిండు నీళ్ల సీసా, ఊరికే పోతున్న పెన్నులు, చిల్లర. ఇవి రెండు వారాలు కనబడితే మరుగుదొడ్డి దగ్గరో, బస్సులోనో ఎవరో పెద్ద పిల్లలు వేధిస్తున్నారేమోనని అనుమానించాలి. "ఎవరైనా కొడుతున్నారా?" అని సూటిగా అడిగితే చాలామంది లేదనే అంటారు. "మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?" అని అడగండి. వరసగా నాలుగు రోజులు "ఎవరూ లేరు" అంటే, ఐదో రోజు క్లాస్ టీచర్ దగ్గరికి మీరే రండి. బిడ్డను వెంట తేకండి.