నేతి నేతి: కాదంటున్నది దేన్ని?

హైదరాబాద్‌లో ఉపనిషత్తుల మీద ప్రవచనం ఎక్కడ జరిగినా ఒక ప్రశ్న దాదాపు ఖాయం. దేవుడికి రూపం లేదు, గుణం లేదు, పేరు లేదు అని గంటసేపు విన్నాక ఎవరో ఒక పెద్దాయన లేచి, "అయితే స్వామీ, నేను పొద్దున్నే దండం పెట్టుకునేది ఎవరికండీ?" అంటారు. అక్కడ కూర్చున్నది నల్లకుంట శంకర మఠం సంప్రదాయం వారైతే ఒక జవాబు వస్తుంది. శంషాబాద్ దాటాక ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం ముందు అడిగితే ఇంకో జవాబు వస్తుంది. రెండు జవాబులకూ ఆధారం మాత్రం ఒకే వాక్యం.

ఆ వాక్యం బృహదారణ్యక ఉపనిషత్తు రెండో అధ్యాయంలో, మూడో బ్రాహ్మణంలో ఉంది. "అథాత ఆదేశో నేతి నేతి." ఇక ఉపదేశం ఇదీ, 'ఇది కాదు, ఇది కాదు' అని. దేవుణ్ణి ఫలానా అని చెప్పకుండా, ఏది కాదో మాత్రమే చెప్పుకుంటూ పోయే పద్ధతిని పాశ్చాత్యులు అపోఫాటిక్ థియాలజీ అంటారు. మన దగ్గర దానికి ఎప్పుడూ ఉదాహరణగా చెప్పేది ఈ నాలుగు మాటలే. చిక్కేమిటంటే, చాలామంది ఈ నాలుగు మాటలే చదువుతారు, వాటికి ముందున్నది వదిలేస్తారు. తగాదా అంతా ముందున్న దాంట్లోనే ఉంది.

ముందు ఉపనిషత్తు బ్రహ్మానికి రెండు రూపాలున్నాయని చెబుతుంది. ఆకారం ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. భూమి, నీరు, నిప్పు మొదటి లెక్కలోకి వస్తాయి. గాలి, ఆకాశం రెండోదానిలోకి. ఆ తర్వాత సూర్యమండలంలోనూ, కుడి కంట్లోనూ ఉన్న పురుషుడి సంగతి వస్తుంది. ఆ పురుషుడి రూపం ఎలా ఉంటుందో చెప్పేటప్పుడు ఉపనిషత్తు ఒక్కసారిగా కవిత్వంలోకి దిగుతుంది. పసుపులో ముంచిన బట్టలా, తెల్లటి ఉన్నిలా, ఇంద్రగోపంలా, నిప్పు మంటలా, తెల్ల తామరలా, ఒక్కసారి మెరిసిన మెరుపులా ఉంటుందట. ఇంద్రగోపమంటే మనం తొలకరికి చేలగట్ల మీద చూసే ఆరుద్ర పురుగే, ఎర్రటి మఖమల్ ముక్కలా ఉంటుంది. ఇంత ముచ్చటగా వర్ణించి, మరుక్షణమే 'ఇది కాదు, ఇది కాదు' అంటుంది.

మరి కాదన్నది దేన్ని? ఉపనిషత్తుల మాటలకు పొందిక చూపే బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం, రెండో పాదంలో దీని మీదే ఒక సూత్రం ఉంది: "ప్రకృతైతావత్త్వం హి ప్రతిషేధతి తతో బ్రవీతి చ భూయః". అప్పటిదాకా చెప్పినదాని 'ఇంతతనాన్ని' శ్రుతి కాదంటోంది, ఆపైన ఇంకా చెబుతోంది అని స్థూలంగా అర్థం.

ఎనిమిదో శతాబ్దంవారని సాధారణంగా చెప్పే శంకరులు ముందు ఒక ప్రమాదాన్ని తోసిపుచ్చారు. 'నేతి' రెండుసార్లు ఉంది కాబట్టి ఒకటి రూపాలను, రెండోది బ్రహ్మాన్నే కొట్టేస్తోందని ఎవరైనా అనొచ్చు. అలాగైతే మిగిలేది శూన్యం. అది కుదరదంటారాయన. ఏదో ఒక నిజాన్ని ఆనుకునే అబద్ధాన్ని కాదనగలం. తాడు ఉంటేనే 'ఇది పాము కాదు' అనే మాటకు అర్థం. కాబట్టి పోయేవి రూపాలు, మిగిలేది బ్రహ్మం. ఆ వెంటనే శ్రుతి దాన్ని "సత్యస్య సత్యం" అని పిలవడమే ఇందుకు సాక్ష్యమని ఆయన వాదన.

సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత, అవే సూత్రాలకు రాసిన శ్రీభాష్యంలో రామానుజులు పట్టుకున్న ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. ఈ రూపాలు బ్రహ్మానివని మనకు వేరే ఏ దారిలోనూ తెలియదు, శ్రుతి చెబితేనే తెలిసింది. తానే నేర్పి, తానే కాదనడం మతి స్థిమితం ఉన్నవాడు చేసే పని కాదు. అందుకని శ్రుతి రూపాలను కొట్టేయడం లేదు, 'బ్రహ్మం ఇంతే' అనే హద్దును కొట్టేస్తోంది. పసుపు బట్టా నిజమే, ఆరుద్ర పురుగు ఎరుపూ నిజమే. అయితే అక్కడితో అయిపోలేదు. ఆయన చదివిన తీరులో 'నేతి' నోరు మూయించే మాట కాదు, ఎంత పొగిడినా ఇంకా మిగిలే ఉందని చెప్పే మాట.

శంకరులు ఈ ఆక్షేపణను ముందే ఊహించారన్నది నాకు ఈ మొత్తంలో బాగా నచ్చే సంగతి. బురద పూసుకుని కడుక్కోవడం కన్నా అసలు దాన్ని ముట్టుకోకపోవడమే మేలు కదా అనే పాత సామెతను ఆయనే ఎత్తుకుని, ఆయనే జవాబిచ్చారు. శ్రుతి ఆ రూపాలను నేర్పడం లేదు, లోకం ఎలాగూ అనుకుంటున్నవాటిని కాదనడానికే ప్రస్తావించిందని. సూర్యుడూ నీళ్లూ లోకానికి తెలుసు, ఒప్పుకుందాం. కానీ కుడి కంట్లోని పురుషుడు ఆరుద్ర పురుగులా ఉంటాడని లోకంలో ఎవరు అనుకుంటున్నారు? సూత్రంలో 'ఇంతతనం' అనే మాట అంత స్పష్టంగా ఉండగా, ఈ ఒక్కచోట రామానుజుల వైపే మొగ్గు ఉందని నా అభిప్రాయం. మొత్తం అద్వైతం మీద తీర్పు కాదిది.

ఇదే గొడవ ఇంకోచోట, ఇంకో మతంలో కూడా నడిచింది. 1138లో కొర్డోబాలో పుట్టిన యూదు పండితుడు మైమోనిడీస్ దేవుడి గుణాలన్నిటినీ నిషేధాలుగానే తీసుకోవాలన్నాడు. 'దేవుడు జీవించి ఉన్నాడు' అంటే 'చచ్చినవాడు కాదు' అనే అర్థం, అంతకు మించి ఏమీ లేదు. ప్రార్థనలో విశేషణాలు గుప్పించేవారి మీద ఆయన యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ నుంచి ఒక కథ చెబుతాడు: లక్షల బంగారు నాణేలున్న రాజును వెండి నాణేలు ఉన్నాయని పొగిడితే అది అవమానం కాదా అని. తర్వాతి శతాబ్దంలో క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ దీన్ని ఒప్పుకోలేదు. దేవుడు సజీవుడని అనేవాళ్లు 'చచ్చినవాడు కాదు' అని చెప్పడం కోసమే ఆ మాట అనరు, అంతకన్నా ఎక్కువే చెప్పదలుచుకుంటారు అన్నాడు. భక్తుడి నోటి మాటను నిలబెట్టాలన్న పట్టుదల రామానుజులకూ ఈయనకూ ఒకటే. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం మాత్రం లేదు.

పాతబస్తీ దర్గాల్లో సూఫీలు దేవుణ్ణి స్మరిస్తూ చేసే జిక్ర్‌లోనూ నిషేధం ఉంది, కానీ అది అక్కడ ఆగదు. 'ఏ దేవుడూ లేడు' అనే 'లా ఇలాహ' నఫీ, అంటే కాదనడం. 'అల్లా తప్ప' అనే 'ఇల్లల్లాహ్' ఇస్బాత్, ఔననడం. ఒక్క వాక్యంలోనే రెండూ అయిపోతాయి.

తెలుగువాళ్లకు ఈ విషయం శాస్త్రంగా కన్నా పోతన గజేంద్రమోక్షం ద్వారానే ఎక్కువ పరిచయం, గమనించకపోయినా సరే. మొసలి నోట్లో కాలున్న ఏనుగు దేవుణ్ణి పేరు పెట్టి పిలవదు. "స్త్రీ నపుంసక పురుష మూర్తియునుఁ గాక, తిర్యగమర నరాది మూర్తియునుఁ గాక" అంటూ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయి, చివరికి "వెనుక నన్నియుఁ దా నగు విభుఁ దలంతు" అంటుంది. అన్నీ కాదన్నాక అన్నీ తానే అయినవాడట. ఆ వెంటనే వచ్చేదే "కలఁడు కలం డనెడువాఁడు కలఁడో లేఁడో" అనే అనుమానం. నిషేధం దారి పట్టినవాడికి ఎదురయ్యే టెన్షన్ అదే: కొట్టేస్తూ పోతే ఏమైనా మిగులుతుందా?

ఎవరి పేరూ లేని ఆ మొర విని బ్రహ్మాదులు కదల్లేదు. విశ్వమయత తమకు లేదు కాబట్టి ఊరుకున్నారని పోతన చెబుతాడు. వచ్చింది విష్ణువు. పేరు లేని పిలుపుకు పలికేవాడు ఏ ఒక్క రూపానికీ కట్టుబడనివాడే అని అద్వైతులు ఈ ఘట్టాన్ని తమవైపు చెప్పుకుంటారు. వచ్చినవాడు మాత్రం శంఖచక్రాలూ, గరుడుడూ ఉన్న విష్ణువే కదా అని వైష్ణవులు అడుగుతారు. మనకందరికీ నోటికొచ్చిన పద్యం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఏ రూపమూ లేదన్నవాడికి అల వైకుంఠపురంలో, ఆ మూల సౌధం దగ్గర, మందార వనంలో, అమృత సరస్సు ఒడ్డున, చంద్రకాంత శిలల మీద కలువల పాన్పుతో సహా అడ్రసు దొరుకుతుంది.